పాటలో మూడు మాత్రలు ఎక్కువైతే దొరనే ఎందుకు తీసేస్తారు?

(పాట - మాట సిరీస్‌లో మరో భాగం)



హాస్టల్ కల్చరల్ టీమ్‌లో పాటలు కట్టే ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో రాశాడు: "అన్నా, పాత జానపద బాణీకి కొత్త పాట రాస్తున్న. ఒక పాదం పొడుగైంది. ఒక మాట తీసేసి సరిచేసిన. చూడు."

రాసిన పాదం ఇది: "మా చెరువులో దొరలు గేదెలు కడిగారు."
సరిచేసిన పాదం ఇది: "మా చెరువులో గేదెలు కడిగారు."

తమ్ముడి మీద నాకు కోపం లేదు. కోపమంతా అలవాటు మీద. పాట బాణీకి కుదరనప్పుడల్లా మనం కోసేది ఆ పని చేసినవాడి పేరునే. ఇప్పుడు ఆ పాదం మళ్ళీ చదవండి. గేదెలు కడిగింది ఎవరు? తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది కాబట్టి వ్యాకరణం అభ్యంతరం చెప్పదు. వినేవాడికి మిగిలిన మనుషులు "మా" ఒక్కటే. మన చెరువును మనమే పాడుచేసుకున్నామని అనుకున్నా అనుకుంటాడు. ఎఫ్ఐఆర్‌లో "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాస్తే ఠాణా ముందు ధర్నా చేస్తాం. అదే పని పాటలో మనమే చేసి, దానికి బాణీ అని పేరు పెడుతున్నాం.

"మరి కుదరకపోతే ఏం చేయాలన్నా?" అంటారు. కుదురుతుంది. లెక్క చూద్దాం.

ముందు ఒక సంగతి. బాణీకి కావలసింది అక్షరాల లెక్క కాదు, మాత్రల లెక్క. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘమైతే రెండు. సున్నా ఉన్న అక్షరం, జోడు అక్షరం ముందున్న అక్షరం కూడా రెండే. ఛందస్సు పుస్తకంలో లఘువు, గురువు అనేది దీన్నే. పుస్తకం చదవని మన అమ్మలు నాట్లేసేటప్పుడు దీన్ని తప్పకుండా పాటిస్తారు, అది వేరే ముచ్చట.

తమ్ముడి బాణీలో పాదానికి నాలుగు దెబ్బలు. దెబ్బకు నాలుగు మాత్రలు. మొత్తం 16. అతను రాసిన పాదంలో "మా చెరువులో" 7, "దొరలు" 3, "గేదెలు" 4, "కడిగారు" 5. మొత్తం 19. మూడు ఎక్కువ. "దొరలు" సరిగ్గా మూడే! అందుకే చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది. ఉచ్చు ఎంత సులువుగా బిగుస్తుందో చూడండి.

పోనీ, తీసేశాక అయినా కుదిరిందా? మొత్తం 16 వచ్చింది, నిజమే. డప్పు మీద వేసి చూడండి. మొదటి దెబ్బ "మా" మీద పడుతుంది. రెండోది "వు" మీద. మూడోది "గే" మధ్యలో పడి ఆ అక్షరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. నాలుగోది "కడిగారు"లో "డి" మీద. అంటే అర్థమూ పోయింది, నడకా కుంటింది. మొత్తం సరిపోతే చాలదు, నాలుగేసి మాత్రల దగ్గర మాట విరగాలి. ఇది తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. చప్పట్లు కొడుతూ మాట్లాడినట్టు చదవండి, ఎక్కడ నాలుక తడబడితే అక్కడ తప్పుంది.

ఇప్పుడు ఆ మూడు మాత్రలు వేరే చోట వెతుకుదాం. "చెరువులో"ను "చెరువున" చేస్తే ఒకటి తగ్గింది. "దొరలు"ను "దొర" చేస్తే ఇంకొకటి. ఇక "కడిగారు". ఐదు మాత్రల మాట. అందులో ఆ "గారు" మీద మూడు మాత్రలు ఎందుకు ఖర్చు పెడుతున్నాం? మన తాగునీళ్ళలో పశువులను దింపినవాడికి పాటలో కూడా మర్యాదా? "కడిగె" అంటే మూడే. కొయ్యాల్సింది ఆ మర్యాదను, మనం కోసింది నేరస్తుణ్ణి!

ఇప్పుడు 15 అయ్యింది. ఒకటి తక్కువ. చివరి "గె"ను కాస్త సాగదీస్తే 16. పాదం చివర సాగదీయడం గొంతుకు సహజమే. కానీ "మా చెరువున దొర" అన్న వరుసలో రెండో దెబ్బ ఇంకా "వు" మీదే పడుతోంది, "దొర" దెబ్బల మధ్య ఇరుక్కుంది. తెలుగులో మాటల వరుస మార్చుకునే వీలుంది కదా, మారుద్దాం:

దొర మా | చెరువున | గేదెలు | కడిగె

నాలుగు దెబ్బలూ మాట మొదట్లోనే పడ్డాయి. దొర మొదటి దెబ్బ కిందికి వచ్చాడు. "మా" కూడా ఎక్కడికీ పోలేదు. తమ్ముడి కత్తిరింపులో 12 అక్షరాలు, ఇందులో 13. అయినా రెండూ 16 మాత్రలే. అక్షరాలు లెక్కపెట్టి కోసేవాళ్ళు ఇది గమనించాలి.

పోయింది ఒకటుంది, దాచను. బహువచనం పోయింది. దానికోసం "దొరలే కడిగిరి గేదెలు చెరువున" అని కూడా కట్టి చూశాను. అదీ 16, అదీ దెబ్బకు దెబ్బ కుదురుతుంది. కానీ అందులో "మా" పోతుంది. చెరువు ఎవరిదో చెప్పని పాట నాకు వద్దు. పైగా మన ఊళ్ళలో "దొర" అంటే ఒక్కడని ఎవడూ అనుకోడు. మిగతా గుంపును రెండో పాదంలో తెచ్చుకోవచ్చు.

మాత్రలు తక్కువైనప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. ఎక్కడ పడితే అక్కడ సాగదీస్తారు. మాట మొదటి అక్షరాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది. "పడినవాళ్ళు"లో "ప"ను లాగితే "పాడినవాళ్ళు" అవుతుంది. సంస్మరణ సభలో నేలకొరిగినవాళ్ళు కాస్తా గాయకులైపోతారు! సాగదీయాలంటే చివర సాగదీయండి, లేదా ప్రత్యయం కలపండి. కారంచేడు 7 మాత్రలు, చుండూరు 5. ఎనిమిది కావాలంటే "కారంచేడున", "చుండూరులోన" అనండి. రెండూ నాలుగు, నాలుగుగా చక్కగా విరుగుతాయి. పేరు కుదరలేదని "ఆ ఊరు" అని రాసిన పాట నేను విన్నాను. 1985 జులై 17నూ, 1991 ఆగస్టు 6నూ "ఆ రోజు" అంటే మీకు ఎట్లుంటది?

మాషను మష చేసినా పర్వాలేదు గానీ ఛందస్సు మాత్రం చెడగొట్టొద్దని సంస్కృతంలో ఒక పాత నానుడి ఉంది. అది బాణీని అర్థం నెత్తిన కూర్చోబెట్టిన మాట. మనకు అది పనికిరాదు. జాషువా 1941లో గబ్బిలం పద్యాల్లోనే రాశారు. కొలత ఆయన నోరు మూయించలేదు.

ఎంత తిప్పినా కుదరని పాదాలు కొన్ని ఉంటాయి, ఒప్పుకుంటాను. అప్పుడు వంచాల్సింది బాణీని. చరణంలో ముందు పాడే మనిషి ఒక దెబ్బలో నాలుగుకు బదులు ఐదారు అక్షరాలు గబగబా అనేయగలడు, డప్పు ఏమీ అనుకోదు. పల్లవిలో మాత్రం ఇది చేయకండి. పల్లవిని వందమంది అందుకోవాలి, ఇరికించిన మాట దగ్గర తలా ఒక దారి పడతారు. కాబట్టి బరువైన పాదాన్ని చరణంలోకి దించి, పల్లవికి పొట్టి మాటలు ఉంచుకోండి.

తమ్ముడు రెండో పాదం కూడా పంపాడు. అందులో "పెద్దలు" అనే మాట ఉంది, నాలుగు మాత్రలు. ఏ పెద్దలని అడిగాను. జవాబు వచ్చాక రాస్తాను.