ఆడిటర్ మారితే ‘సత్యం’ బయటపడేదా?

2008 సెప్టెంబర్ 30 నాటికి సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లు. అందులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. ఆ దెబ్బ తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, లిస్టెడ్ కంపెనీలో ఒక ఆడిట్ సంస్థ ఐదేళ్ల చొప్పున రెండు విడతలకు మించి ఉండరాదని, తిరిగి రావాలంటే ఐదేళ్లు ఆగాలని చెప్పింది.

ఈ నిబంధన అప్పుడే ఉంటే మోసం దొరికేదా? లెక్క వేసి చూడండి. ప్రైస్ వాటర్‌హౌస్ సత్యం ఖాతాలు చూడటం మొదలుపెట్టింది 2000లో. లేఖ బయటికొచ్చేసరికి పదేళ్లు నిండనే లేదు. సంతకం చేసే భాగస్వామి మధ్యలో మారారు, అయినా తేడా బయటపడలేదు.

తప్పు జరిగింది వేరే చోట. డిపాజిట్ నిజంగా ఉందో లేదో తెలియాలంటే ఆడిటర్ తానే బ్యాంకుకు లేఖ రాయాలి, జవాబు కూడా నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. సత్యంలో ఈ పని పగ్గాలు కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. లేఖ పంపేదీ జవాబు తెచ్చిచ్చేదీ కంపెనీ మనుషులే అయితే, ఎన్ని సంస్థలు మారినా ఆ కాగితాన్ని నమ్మాల్సిందే.

అలాగని మార్పు దండగేం కాదు. కొత్త సంస్థ ప్రారంభ నిల్వలను తానే పరీక్షించుకోవాలి. ఫలానా ఏడాది మరొకరు వచ్చి తన పని మీద కన్నేస్తారని తెలిసిన ఆడిటర్, యాజమాన్యానికి ‘కాదు’ అనడానికి కాస్త ధైర్యం చేస్తాడు. నా దృష్టిలో ఈ నిబంధన అసలు లాభం ఈ భయమే. నష్టమూ ఉంది. వ్యాపారం అర్థం కావడానికే మొదటి ఏడాది గడిచిపోతుంది.

మారినా మోసం ఆగని ఉదాహరణ విదేశంలోనూ ఉంది. ఇటలీలో ఇలాంటి నిబంధన 1970ల నుంచే ఉంది. 1999లో పార్మలాట్ ప్రధాన ఆడిటర్‌గా గ్రాంట్ థార్న్‌టన్ దిగిపోయి డెలాయిట్ వచ్చింది. కానీ కేమన్ దీవుల్లోని బోన్లాట్ అనే అనుబంధ కంపెనీ ఆడిట్ మాత్రం పాత సంస్థ చేతిలోనే ఉండిపోయింది. 2003లో బయటపడిన, లేని దాదాపు 400 కోట్ల యూరోల ఖాతా ఆ బోన్లాట్ పేరు మీదే ఉంది.

మార్పు వేళ కొత్త ఆడిటర్‌ను ఎంచుకునే టెండర్ సంగతి ఇంకా చిక్కు. ఫీజు తక్కువ చెప్పినవాడికే పని ఇస్తే, ఆ ఫీజులో ఎన్ని గంటలు, ఎంత అనుభవమున్న మనుషులు వస్తారన్నది ఎవరూ అడగరు. ఆడిట్ కమిటీ ముందు పని ప్రణాళికకు మార్కులేసి, ఫీజు కవర్ ఆ తర్వాతే విప్పాలి. బ్యాంకు ధ్రువీకరణలు ఎవరు పంపుతారో, జవాబు ఏ చిరునామాకు వస్తుందో ఆ ప్రణాళికలోనే రాయించుకోవాలి. చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు రొటేషన్ వర్తించదు. చెల్లించిన మూలధనమో, అప్పులో రూ.50 కోట్లకు చేరితేనే అవి ఆ నిబంధన పరిధిలోకి వస్తాయి. బ్యాంకుకు నేరుగా లేఖ రాయడానికి మాత్రం ఆ పరిమితి అడ్డు కాదు.