ఆ కోటు ఎవరిది?



పోయిన నెల మన సంఘంలో జరిగిన ఒక పెళ్లిచూపులకు మమ్మల్ని కూడా పిలిచారు. అబ్బాయి సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హ్యాచరీలో పని చేస్తాడు. ట్యాంకులు కడగడం, నీళ్లు మార్చడం, రాత్రి డ్యూటీలో మోటార్లు చూసుకోవడం అతని పని. సంబంధాల కోసం ఫొటో దిగడానికి వెళ్తే, స్టూడియోలో మెడ కింద నుంచి నల్లకోటు, ఎర్రటై అతికించి ఇచ్చారు. బయోడేటాలో "ఆక్వా కంపెనీలో ఉద్యోగం" అని రాశారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ పక్కన ఆ కోటు చేరేసరికి అర్థం మారిపోయింది.

కావలి వైపు నుంచి వచ్చిన అమ్మాయి తండ్రి కూర్చుంటూనే, "బాబుది నెల్లూరు ఆఫీసా, చెన్నై ఆఫీసా?" అని అడిగారు. ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. చివరికి అబ్బాయే లేచి ఉన్న సంగతి చెప్పాడు. ఆయన కాసేపు ఊరుకుని, "హ్యాచరీలో పనంటే మాకేం చిన్నతనం కాదయ్యా. మరి ఆ కోటు ఎవరిది?" అన్నారు.

ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. పెళ్లి ఫొటోలో ముఖం మనిషిని చూపిస్తే, బట్టలు అతని పనినీ ఇంటి స్థితినీ చెబుతాయి. కోటు ఆఫీసు ఉద్యోగమంటుంది. తెల్లకోటు ఆసుపత్రి అంటుంది. ఫోన్ యాప్‌లో తగిలించిన కాసులపేరు, పట్టుచీర ఇంట్లో బంగారం ఉందంటాయి. చీర దిద్దే నెపంతో నడుము సన్నం చేస్తే అది బట్టను దిద్దడం కాదు, ఒంటిని మార్చడం. కాలి మెట్టెలు చెరిపి జరిగిన పెళ్లిని దాచడం అన్నిటికన్నా పెద్ద మోసం.

అయితే ఫొటో దిద్దడమే తప్పని మేము అనడం లేదు. ట్యూబులైటు కింద తెల్లచొక్కా పచ్చగా పడితే అసలు రంగుకు తేవచ్చు. చీకటిగా ఉంటే వెలుతురు పెంచవచ్చు. చొక్కా ముడత, పమిట మీద పడిన కాఫీ మరక, బయటికి కనిపించే పిన్ను, వెనుక దండెం మీద బట్టలు తీసేయవచ్చు. ఇస్త్రీపెట్టె, సబ్బు చేసే పనే ఇక్కడ కంప్యూటరు చేసింది. బట్ట మాత్రం ఆ మనిషిదే.

"అయ్యగారూ, పిన్ని నగ అరువు తెచ్చి పెట్టుకోవడం మన ఇళ్లలో లేదా?" అని ఒక అక్క అడిగింది. ఉంది. అది కూడా ఆస్తిగా కనిపిస్తే ఇదే తప్పు. "నగ మా చెల్లెలిది" అని ముందే ఒక్క మాట చెబితే అది అలంకారంగానే మిగులుతుంది.

బైబిలులో ఇద్దరు మనుషులు బట్టలు కట్టుకుని వెళ్లి ఒకే ప్రశ్న ఎదుర్కొన్నారు. రూతు స్నానం చేసి, తైలం రాసుకుని, తన బట్టలు కట్టుకుని కళ్లానికి వెళ్లింది. యాకోబు అన్న బట్టలు తొడుక్కుని, చూపు మందగించిన తండ్రి దగ్గరికి వెళ్లాడు. నీవెవరని అడిగినప్పుడు రూతు తన పేరు చెప్పింది, యాకోబు ఏశావు పేరు చెప్పాడు. సింగారించుకోవడంలో తప్పు లేదు. తప్పంతా ఆ జవాబులో ఉంది.

2016లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమోనీ వెబ్‌సైట్లకు ఇచ్చిన సూచనల్లో సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని ఉంది. పత్రం పేరును నిలబెడుతుంది గాని, కోటును నిలబెట్టదు. వాట్సాప్‌లో చేతులు మారే ఫొటోకు ఆ పత్రం కూడా ఉండదు. కాబట్టి పెద్దలు ఫొటోను పెద్దది చేసి చూడండి. కాలరు దగ్గర మెడ కత్తిరించినట్టు ఉందా? నగ కింద నీడ పడిందా? కుచ్చిళ్ల దగ్గర జరీ అంచు మడతతో పాటు మడిగిందా, లేక గీత గీసినట్టు సాగిందా? నడుము పక్కన తలుపు చట్రం వంకర పోయిందా? ఇవన్నీ అనుమానాలే. బాగా చేసిన పని ఇలా దొరకదు. అందుకే వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడి, పని చేసే చోటు ఏదో నేరుగా అడగడం మేలు.

ఫొటో పంపేవాళ్లు ఒక్కటి ఆలోచించుకోండి. పెళ్లిచూపుల రోజు ఆ ఫొటోలో ఉన్నట్టే వచ్చి నిలబడగలమా? నిలబడగలిగితే పంపండి.

ఆ అబ్బాయి మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక తన నీలం గళ్లచొక్కాతో మందిరం అరుగు మీద కూర్చుని ఫొటో దిగాడు. వెలుతురు కొంచెం పెంచారు, అంతే. బయోడేటాలో "హ్యాచరీలో పని" అని రాసి కావలి వాళ్లకు మళ్లీ పంపారు. ఇంకా జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా, ఈసారి ఆ చొక్కా ఎవరిదని ఎవరూ అడగరు.