సబ్బు పెంచితే కంపు పోదు

ముసురు పట్టిందంటే ఫ్రంట్ లోడ్ మిషన్ ఉన్న ఇళ్లలో ఒకటే ఫిర్యాదు. మిషన్‌లోంచి తీసినప్పుడు బట్టలు బాగానే ఉంటాయి, ఆరాక కూడా బాగానే ఉంటాయి. స్నానం చేసి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకోగానే పులిసిన కంపు గుప్పుమంటుంది. మర్నాడు ఇంకో మూత లిక్విడ్ ఎక్కువ పోస్తాం, పైగా ఘుమఘుమలాడాలని సాఫ్ట్‌నర్ కలుపుతాం. ఆ కంపును పెంచి పోషించేది ఈ అలవాటేనని నా గట్టి నమ్మకం.

ఈ మిషన్ తక్కువ నీళ్లతో ఉతుకుతుంది. ఎక్కువైన సబ్బు పూర్తిగా పోదు. మనకు కనిపించే స్టీలు డ్రమ్ము చుట్టూ కనిపించని ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంటుంది. మిగిలిన సబ్బు, ఒంటి జిడ్డు, బట్టల నూగు, సాఫ్ట్‌నర్‌లోని జిడ్డు కలిసి దాని గోడలకు పాకుడులా పడతాయి. సూక్ష్మజీవులు అందులో కాపురం పెడతాయి. ఉతికిన బట్టల్లో వచ్చే ఈ కంపుకు మొరాక్సెల్లా జాతి బ్యాక్టీరియాయే ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు 2012లో తేల్చారు. బట్ట ఆరినా అది చావదు. మళ్లీ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. చన్నీళ్ల ఉతుకు దాన్ని ఏమీ చేయలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక వదినగారి మిషన్ సంగతి చెబుతాను. రోజూ పదిహేను నిమిషాల క్విక్ వాష్, లిక్విడ్, సాఫ్ట్‌నర్. ముందుగా బట్టలూ సబ్బూ ఏమీ వేయకుండా 60 డిగ్రీల్లో ఖాళీగా తిప్పాం. కాసేపటికి అద్దం వెనక తెల్లగా నురగ లేచింది. ‘‘ఏమీ వేయలేదు కదండీ, ఇదెక్కడిది?’’ అన్నారావిడ. అదంతా పాత సబ్బే. ఎవరి మిషన్‌కైనా ఇదే పరీక్ష. నురగ వస్తే లోపల సబ్బు పేరుకుందని అర్థం.

తర్వాత తలుపు దగ్గరి రబ్బరు మడతను వేళ్లతో వెనక్కి లాగి చూశాం. అడుగున బూడిదరంగు జిగురు, వెంట్రుకలు, ఒక పిన్నీసు. అక్కడ నీళ్లు దిగడానికి ఉండే చిన్న రంధ్రాలు పూడిపోయాయి. పాత టూత్ బ్రష్‌తో తోమి తెరిచాం. సబ్బు పోసే ట్రేను పూర్తిగా బయటికి లాగి కడిగాం. అది కూర్చునే అర పైకప్పు నల్లగా బూజు పట్టి ఉంది, అదీ తుడిచాం. కింద చిన్న మూత వెనక ఉండే ఫిల్టర్‌ను, పళ్లెం పెట్టి మెల్లగా తిప్పి తీసి, నీళ్లు వంపి కడిగాం.

ఆఖరున డ్రమ్ములో 100 గ్రాముల దాకా ఆక్సిజన్ బ్లీచ్ పౌడర్, అంటే సోడియం పెర్కార్బొనేట్, వేసి 90 డిగ్రీల్లో ఖాళీగా తిప్పాం. ఇది మనం మురుగుకాలవల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ కాదు. అది క్లోరిన్ సరుకు. దానికి వెనిగర్ తోడైతే విషవాయువు పుడుతుంది కాబట్టి ఆ రెండింటినీ ఎప్పుడూ కలపకూడదు. రెండోసారి తిప్పాక నురగ బాగా తగ్గింది. బోరు నీళ్లకు పట్టే తెల్ల గార వేరు, దాన్ని డీస్కేలింగ్ పౌడర్ వదిలిస్తుంది. పాకుడుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మిషన్ బాగుపడినా పాత తువ్వాళ్లలో కంపు ఉండిపోతుంది. కాటన్ తువ్వాళ్లను, దుప్పట్లను అదే పౌడర్ కలిపి 60 డిగ్రీల్లో ఉతకాలి. పట్టుకు, ఉన్నికి మాత్రం ఈ వైద్యం పనికిరాదు.

ఆ తర్వాత అలవాట్లు మారాలి. వారానికి ఒకసారైనా కాటన్ బట్టలకు 60 డిగ్రీల ఉతుకు పెట్టాలి, నెలకోసారి ఖాళీగా వేడినీళ్లతో తిప్పాలి. ప్యాకెట్ మీద రాసినంతే సబ్బు వేయాలి, సాఫ్ట్‌నర్ మానాలి. ఉతుకు అవగానే బట్టలు తీసి, రబ్బరు తుడిచి, తలుపు ఓరగా తెరిచి ఉంచాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం వాళ్లు లోపలికి దూరకుండా ఒక కన్నేసి ఉండాలి. వేడి ఉతుక్కి కరెంటు కొంత ఎక్కువే కాలుతుంది. పోయడం మానేసిన సాఫ్ట్‌నర్ ఖర్చు అందులోకి జమ వేసుకోవచ్చు.

ఇంత చేసినా కంపు కొడుతోందంటే, అది బూజు వాసనా, మురుగు వాసనా అన్నది గమనించాలి. మురుగుదైతే తప్పు మిషన్‌ది కాదు. నీళ్లు పోయే గొట్టాన్ని డ్రైనేజీ పైపులోకి మరీ లోతుగా దూర్చేశారేమో చూడాలి.

మిషన్ బిగించడానికి వచ్చినవాళ్లు బటన్లన్నీ నొక్కి చూపిస్తారు. రబ్బరు మడత, ఫిల్టర్, నెలవారీ వేడి ఉతుకు మాత్రం చూపించరు. ఆ మూడూ చూపించాకే డెమో కాగితం మీద సంతకం పెట్టండి.