ర్యాంకు పేరుతో అవమానం: సిద్దిపేట జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ



2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ బాలిక మరణించింది. ఆమె తండ్రి న్యాయపోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

వాటి ప్రకారం మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం కోచింగ్ సెంటర్లు సాధ్యమైనంత వరకు మానుకోవాలి. చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయి. పర్యవేక్షణకు, ఫిర్యాదులకు కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలనీ కోర్టు చెప్పింది.

ఫిర్యాదు చేస్తే పిల్లలపై కక్ష కడతారేమోనని తల్లిదండ్రులు జంకుతారు. అందుకే రాతపూర్వక ఆధారం గట్టిగా ఉండాలి. "నీ ర్యాంకుకు మీ నాన్న ఫీజు దండగ" అని తరగతిలో అంటే, ఆ మాటను ఉన్నదున్నట్టు, తేదీ, పీరియడ్, విన్నవారి వివరాలతో ఆ రోజే రాసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ర్యాంకుల జాబితా పెడితే స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. మొదట యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. జవాబు రాకపోతే అదే ప్రతిని సోమవారం ప్రజావాణిలో ఇవ్వాలి. పిల్లలకు ప్రమాదం అనిపిస్తే మాత్రం ఆగకూడదు: 1098కు, మానసిక సాయానికి టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయాలి.

సిద్దిపేట తల్లిదండ్రులు కోరేవి రెండే. జిల్లా కమిటీ సభ్యుల వివరాలు ప్రతి కోచింగ్ సెంటర్ నోటీసు బోర్డుపై ఉండాలి. విచారణ ముగిసేదాకా ఫిర్యాదు చేసిన విద్యార్థి పేరు బయటపడకుండా చూడాలి.