వేవర్ దొరికితే గెలిచినట్టేనా?

మా ఆడపడుచు మొన్న ఫోన్ చేసి, "వదినా, మావాడు తొమ్మిది వందల డాలర్లు మిగిల్చాడు" అని మురిసిపోయింది. పిల్లాడు అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లాడు. యూనివర్సిటీ ఫీజులో ఇన్సూరెన్స్ కూడా కలిపి బిల్లు వేస్తే, సీనియర్లు చెప్పిన చవక ప్లాన్ కొని వేవర్ పెట్టేశాడట. అది వినగానే నాకు గుర్తొచ్చింది వాడి ఇన్‌హేలర్.

ఎఫ్‌-1 వీసాకి ఇన్సూరెన్స్ ఉండి తీరాలని అమెరికా ప్రభుత్వం అడగదు. జే-1 వాళ్లకే ఆ నిబంధన. ఎఫ్‌-1 పిల్లలకి రూలు పెట్టేది యూనివర్సిటీ. చాలా చోట్ల ప్లాన్ డబ్బు ముందే ఫీజులో పడిపోతుంది. గడువులోగా మన పాలసీ కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టి, వాళ్ల షరతులకు సరిపోతే ఆ డబ్బు తీసేస్తారు. అదే వేవర్. కొన్ని యూనివర్సిటీలు వేవర్ అసలే ఇవ్వవు.

మనం చేసే తప్పు ఇక్కడే. వేవర్ ఒప్పుకున్నారంటే ప్లాన్ మంచిదని కాదమ్మా, ఆ యూనివర్సిటీ షరతులు దాటిందని మాత్రమే. కొన్నిచోట్ల షరతులు చాలా వదులు.

ఒక లెక్క చూడండి. ఉబ్బసం ముదిరి పిల్లాడు రెండ్రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, బిల్లు 28,000 డాలర్లు అనుకుందాం. యూనివర్సిటీ ప్లాన్‌లో ముందు మనం కట్టాల్సింది 500, మిగతాదాంట్లో మన వాటా నూటికి ఇరవై అనుకుంటే, మొత్తం 6,000 మన నెత్తిన. చాలా స్టూడెంట్ ప్లాన్లలో మన వాటాకి ఏడాదికి ఒక పరిమితి కూడా ఉంటుంది. చవక ప్లాన్‌లో? "ఈ జబ్బు పాలసీకి ముందే ఉంది" అని ఒక్క ముక్క రాసి, పైసా ఇవ్వకపోవచ్చు. 28,000 మనదే. మిగిల్చింది తొమ్మిది వందలు!

చీర కొంటే కొంగు నుంచి అంచు దాకా విప్పి చూస్తామే, పాలసీకొచ్చేసరికి ధర ఒక్కటే చూస్తామెందుకు? మనం చూడాల్సింది అన్నీ ఇస్తామని మెరిపించే మొదటి పేజీ కాదు, 'ఎక్స్‌క్లూజన్స్' అన్న పేజీ. పాత జబ్బులకు ఎన్ని నెలలు ఆగాలో, ఒక్కో జబ్బుకి ఎంతకు మించి ఇవ్వరో, మానసిక వైద్యం ఉందో లేదో అక్కడే తేలుతుంది.

యూనివర్సిటీ ప్లాన్‌ని వెనకేసుకు రావట్లేదు. దాని ధర చూస్తే నాకూ గుండె గుభేలుమంటుంది. దానికి సమానమైన ప్లాన్ తక్కువలో దొరికితే నిక్షేపంగా వేవర్ పెట్టించండి. కానీ ఒకసారి వేవర్ అయ్యాక మధ్యలో జబ్బు చేసిందని మళ్లీ చేరతామంటే మామూలుగా కుదరదు.

పిల్లాడికి ఉబ్బసం ఉందని సీనియర్లకి తెలీదు. అమ్మకి తెలుసు. అందుకే ఆ కాగితం అమ్మే చదవాలి. మా ఆడపడుచుకి అదే చెప్పాను. గడువు ఇంకా వారం ఉందట, ఆ రాత్రే కొడుకు చేత పాలసీ తెప్పించుకుంది.