యాస ఒకటే, గొంతులు వేరు

2021లో 'పుష్ప' ఆడాక మన చిత్తూరు యాస తెలుగు నేలంతా వినబడింది. తిరుపతిలో కొత్తగా స్క్రిప్టులు రాస్తున్న పిల్లల కాగితాల్లో ఇప్పుడు ఆ యాస నిండుగా ఉంటోంది. సంతోషమే. అయితే ఆ కాగితాల్లో తండ్రి, కొడుకు, అవ్వ అందరిదీ ఒకే గొంతు. పైగా ప్రతివాళ్లూ మనసులో ఉన్నదంతా బయటికి చెప్పేస్తుంటారు.

ఒక సన్నివేశం అనుకుందాం. 2025లో తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలి తండ్రి రాత్రి ఇంటికొచ్చాడు. కొడుకు కాలేజీ ఫీజు కట్టాలి. మొదటి చిత్తులో ఇలా రాస్తారు: "నాయనా, ధర పడిపోయింది గదా, నా ఫీజు ఎట్ల కడతావు?" "దిగులు పడొద్దురా, అప్పు చేసైనా చదివిస్తా." విషయం తెలిసింది, సన్నివేశం చచ్చింది. ప్రేక్షకుడు కనుక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ధర, ఫీజు, అప్పు అనే మూడు మాటలనూ తండ్రీకొడుకుల నోట నిషేధించి మళ్లీ రాద్దాం.

"ఎంతకేసుకున్నారు నాయనా?"
"బువ్వ తింటివా?"
"తిన్న్యా. హాస్టలుకు సోమవారం పోతాలే."
"శనివారమంటివే."
"రెండ్రోజులు లేటయితే ప్రాబ్లమేం లేదు."
"శనివారమే పో."
"ట్రాక్టరు బాడుగన్నా మిగిలిందా, లేదా? అది చెప్పరా ముందు!" అంది అవ్వ.

తండ్రి జవాబు దాటేయడమే ధర ఎంతో చెప్పింది. సోమవారమంటే కొడుకు గడువు ఇస్తున్నాడని, శనివారమంటే తండ్రి ఎక్కడో డబ్బు తెస్తాడని మనకు తెలిసిపోతుంది. యాస ముగ్గురిదీ ఒకటే. తండ్రి ప్రశ్నకు ప్రశ్న వేస్తాడు, కొడుకు హాస్టలు మాటలతో సర్దుతాడు, అవ్వకు దాచడం చేతకాదు. గొంతులను వేరు చేసింది ఈ తేడాయే. పేర్లు చేత్తో మూసి చదవండి. ఎవరి మాటో తెలియకపోతే ఆ పాత్ర మీకింకా పట్టుబడలేదని అర్థం. ప్రతి వాక్యానికీ 'అబ్బా' తగిలిస్తే ఆ లోపం తీరదు.

దీనికో షరతుంది. ఫీజు గడువు ఎప్పుడో ప్రేక్షకుడికి ముందే తెలిసుండాలి. కాలేజీ నోటీసును అంతకుముందు ఒక్క షాట్‌లో చూపించకపోతే శనివారం, సోమవారం ఉత్త వారాలే. చాలామంది ఇక్కడే తప్పుతారు. అర్థం కాలేదని ఎవరో అనగానే మాటలు పెంచుతారు. పెంచాల్సింది మాటలు కాదు, ముందున్న సన్నివేశాన్ని సరిచెయ్యాలి.

అన్నిచోట్లా దాపరికమూ పనికిరాదు. అప్పు సంగతి బయటపడి తండ్రీకొడుకులు ఎదురుపడే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు సూటిగానే మాట్లాడాలి. అంతదాకా దాచి ఉంచితేనే ఆ సూటిమాటకు బలం.

మన యాసలో మనుషులు ఎట్లా మాట్లాడతారో వినాలంటే నామిని సుబ్రమణ్యం నాయుడి 'మిట్టూరోడి కతలు' పైకి చదవండి. పదాల పట్టిక రాసుకోవద్దు. ఎవరు ఏ మాట దగ్గర తప్పుకుంటున్నారో గుర్తు పెట్టుకోండి.