మానవపాడులో తూటా ఎటు జరుగుతుంది?

గాలి అస్సలు లేదనుకోండి. కిలోమీటరు దూరానికి సూటిగా పేల్చినా తూటా కుడికి జానెడు జరుగుతుంది. గొట్టంలోని మెలికల గాళ్లు దాన్ని కుడివైపు గిరగిరా తిప్పడంతో ముక్కు రవ్వంత అటు ఒరుగుతుంది మరి.

ఇక భూభ్రమణం. మానవపాడుకి లెక్కేశాను: అక్షాంశం సుమారు 16 డిగ్రీలు, 7.62 మి.మీ. తూటా ప్రయాణం 1.7 సెకన్లు అనుకున్నా. ఎటు పేల్చినా కుడికి జరిగేది మూడున్నర సెంటీమీటర్లే. అసలు తేడా పైకీ కిందికీ! తూర్పుకి పేలిస్తే తూటాకి భూమి వేగం తోడై, బరువు కాస్త తగ్గినట్టయి 12 సెంటీమీటర్లు పైన తగులుతుంది. పడమరకైతే అంతే కింద. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది, కుడి జరుగుడు తగ్గుతుంది.

అయితే సెకనుకి మీటరు వేగంతో పక్కగాలి వీచిందా, 40 సెంటీమీటర్లు తేడా! అందుకే ముందు గాలి చూడాలి. 300 మీటర్లలోపైతే భూమి సంగతి మర్చిపోవచ్చు.